రేపటి సమావేశానికి ఈరోజే ఒక చిన్న మెయిల్

సమావేశం ఎప్పుడో వారం కిందటే అందరూ ఒప్పుకుని ఉంటారు. అయినా ఆ రోజు వచ్చేసరికి ఒకరు గంట ముందు వస్తారు, ఒకరు వేరే శాఖకు వెళ్తారు, ఇంకొకరు ఫోన్‌లో పాత లింకు నొక్కి ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. ఒప్పుకోవడానికీ గుర్తుండడానికీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికే ముందురోజు ఒక చిన్న మెయిల్ పంపాలి. అందులో సమయం, స్థలం, చేరే లింకు ఉంటే చాలు. ఆఫీసుల్లో ఇది మామూలు అలవాటే. ఇంట్లో పనులకు మాత్రం మనం దీన్ని వాడం. పిల్లల అడ్మిషన్, ఇంటి రిజిస్ట్రేషన్, అపార్ట్‌మెంట్ సొసైటీ లెక్కలు, నలుగురు నాలుగు ఊళ్ల నుంచి కలవాల్సిన ప్రతి చోటా ఇదే మెయిల్ పనికొస్తుంది. దాన్ని ఎలా రాయాలో ఒక నిజమైన సందర్భంతో చెబుతాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

నేనుండేది సూరత్ నగరంలోని డిండోలిలో. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పక్క, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. మునిసిపల్ కార్పొరేషన్ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. మా వీధిలోని అటువంటి ఒక కుటుంబంలో అమ్మాయికి విదేశంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే చాలా పథకాల్లో ఆస్తి హామీ అడుగుతారు. ఆమెకు కావాల్సింది అంతకంటే ఎక్కువ. తనఖా పెట్టాల్సిన ఇల్లు సిరిసిల్లలో బాబాయి పేరున ఉంది. సహ రుణగ్రహీతగా ఉంటానన్న అన్నయ్య అమెరికాలోని డల్లాస్‌లో ఉన్నాడు. నాన్న డిండోలిలోనే మరమగ్గాల మీద పని చేస్తాడు, ఆ వారం ఆయనది రాత్రి షిఫ్టు. ఫీజు కట్టడానికి గడువు దగ్గరపడింది. ఈ నలుగురూ ఒకే సమయంలో బ్యాంకు రుణాల అధికారితో మాట్లాడితేనే పత్రాల జాబితా తేలుతుంది. ఆ రోజు తప్పితే అధికారి మళ్లీ దొరికేది వారం తరువాతే.

ఏర్పాటు ఇలా అనుకున్నారు. నాన్న, అమ్మాయి శాఖకు వెళ్తారు. బాబాయి, అన్నయ్య అమ్మాయి ఫోన్‌లో గూగుల్ మీట్ ద్వారా చేరతారు. రోజు 2025 జూన్ 19, గురువారం, సాయంత్రం 5 గంటలు. మెయిల్ పంపమని నేను చెబితే అమ్మాయి, "అంకుల్, వాట్సాప్‌లో అందరికీ చెప్పేశాను కదా, మళ్లీ మెయిల్ ఎందుకు?" అంది. "ఆ వాట్సాప్ సంభాషణ ఒకసారి పైనుంచి కిందకు చదువమ్మా" అన్నాను. చదివితే అందులో నాలుగు గంటలు ఉంది, అయిదు ఉంది, అయిదున్నర కూడా ఉంది. ఎవరికి వీలైన సమయం వాళ్లు చెప్పుకుంటూ చివరికి అయిదుకు వచ్చారు. లింకులూ రెండు ఉన్నాయి. ఆదివారం సరదాగా సరిచూసుకోవడానికి చేసినది ఒకటి, అసలుది ఒకటి. మధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫొటోలు. ఎవరు ఎక్కడ చదవడం ఆపితే వాళ్లకు అదే చివరి మాట అవుతుంది. ముందురోజు మెయిల్ చేసే పని ఒక్కటే: చర్చ అంతా పక్కన పెట్టి, తేలిన సంగతిని ఒక్క చోట ఉంచడం.

అమ్మాయి బుధవారం పంపిన మెయిల్ ఇది. లింకును నమూనాగా మార్చాను.

విషయం: గురువారం 19 జూన్, సాయంత్రం 5:00, విద్యా రుణం సమావేశం

అందరికీ నమస్కారం. నా విద్యా రుణం పత్రాల గురించి బ్యాంకు వారితో సమావేశం ఖాయమైంది.

సమయం: 2025 జూన్ 19, గురువారం, సాయంత్రం 5:00 నుంచి 5:45 వరకు, భారత సమయం. డల్లాస్‌లో అదే గురువారం ఉదయం 6:30.

స్థలం: బ్యాంకు డిండోలి శాఖ, మొదటి అంతస్తు, రుణాల విభాగం. ఆ వేళకు ముందు షట్టర్ సగం దించి ఉంటుంది. రుణాల అధికారి రమ్మన్నారని గార్డుకు చెప్పాలి. నాన్న, నేను 4:50కి అక్కడ ఉంటాం.

ఫోన్‌లో చేరే లింకు:

https://meet.google.com/abc-defg-hij

ఆదివారం వాడిన లింకు ఇది కాదు. దాన్ని నొక్కవద్దు.

దగ్గర ఉంచుకోవాల్సినవి: బాబాయి, ఇంటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు. అన్నయ్య, జీతం స్లిప్పులు.

లింకు తెరుచుకోకపోతే నాకు ఫోన్ చేయండి. ఈ మెయిల్ చూడగానే "చూశాను" అని ఒక్క మాట పంపండి.

ఇంతే. ఇందులో ప్రతి వాక్యం అక్కడ ఉండడానికి ఒక కారణం ఉంది.

సమయం

ఈ మెయిల్‌లో ఎక్కడా "రేపు" అనే మాట లేదు. మెయిల్ రాసినవారి రేపు, చదివేవారి రేపు ఒకటే కావాలని లేదు. బుధవారం రాసిన మెయిల్‌ను బాబాయి గురువారం పొద్దున తెరిస్తే ఆయనకు రేపంటే శుక్రవారం. మన బుధవారం ఉదయం పది గంటలకు డల్లాస్‌లో ఇంకా మంగళవారం రాత్రి పదకొండున్నర. అక్కడి వ్యక్తికి రేపంటే బుధవారమే. కాబట్టి వారం పేరు, తేదీ రెండూ రాయాలి. రెండూ ఉంటే ఇంకో లాభం ఉంది. తేదీ తప్పు టైపు చేస్తే వారంతో పొసగదు, చదివేవారు వెంటనే పట్టుకుని అడుగుతారు. తేదీ ఒక్కటే ఉంటే ఆ తప్పు ఎవరికీ కనిపించదు.

డిండోలిలో ఈ "రేపు" చిక్కు ఇంకాస్త పెద్దది. తెలుగులో నిన్న వేరు, రేపు వేరు. హిందీలో రెండింటికీ "కల్" అనే అంటారు, గుజరాతీలో రెండింటికీ "కాలే" అంటారు. మరాఠీవారికి "కాల్" అంటే నిన్న మాత్రమే, రేపును వాళ్లు "ఉద్యా" అంటారు. ఈ నాలుగు భాషలూ ఒకే మెట్ల దారిలో వినిపించే చోట నోటిమాటతో రోజు చెప్పడం ఎంత కష్టమో చూడండి. గంటలదీ అదే వరస. "డేఢ్" అంటే ఒకటిన్నర, "ఢాయీ" అంటే రెండున్నర, "పౌనే దస్" అంటే పదికి పావు తక్కువ. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు "పౌనే దస్" విని పది అనే గుర్తుపెట్టుకుంటారు. అంకెల్లో 9:45 అని రాస్తే ఏ భాషవారికైనా ఒకటే.

"సాయంత్రం" అన్న మాట కూడా వదలకూడదు. వట్టి 5:00 అంటే డల్లాస్ అన్నయ్య తన ఊరి అయిదా, మన ఊరి అయిదా అని ఆలోచించాలి. అందుకే రెండు చోట్ల సమయాలూ రాసిచ్చాం. లెక్క ఎవరో ఒకరు ఒకసారి చేస్తే చాలు, ప్రతివాళ్లూ చేస్తే ఒకరు తప్పుతారు. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మన దేశంలో గడియారం ఏడాదంతా ఒక్కలాగే నడుస్తుంది. అమెరికాలో చాలా ప్రాంతాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తాయి. జూన్‌లో మన సాయంత్రం 5 డల్లాస్‌లో ఉదయం 6:30 అయితే, డిసెంబరులో అదే 5:30 అవుతుంది. ఒకసారి వేసిన లెక్కను ఆరు నెలల తరువాత అలాగే వాడితే గంట తేడా వస్తుంది.

ముగిసే సమయం రాయడం కూడా ఊరికే కాదు. నాన్న ఏడు గంటలకు షిఫ్టుకు వెళ్లాలి. 5:45కు ముగుస్తుందని ముందే తెలిస్తే ఆయన యజమానిని సెలవు అడగనక్కరలేదు. ఉచితంగా వాడే గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే గంటకు మించి సమావేశం సాగదు. ఉచిత జూమ్‌లో అయితే 40 నిమిషాలే. ఈ పరిమితిని దృష్టిలో పెట్టుకునే ముగింపు సమయం వేసుకోవాలి.

స్థలం

శాఖ పేరు రాస్తే స్థలం రాసినట్టే అనుకుంటాం. పక్కపక్కనే డిండోలి, ఉధ్నా, లింబాయత్ ఉన్నప్పుడు, తన ఖాతా ఉన్న శాఖకే వెళ్లాలని అనుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి ఏ శాఖ, ఏ అంతస్తు, ఏ విభాగం అన్నది రాయాలి. ఊరి పేర్లూ మోసం చేస్తాయి. డిండోలి పక్కనే ఉన్న నవాగామ్ పేరుకు అర్థం కొత్త ఊరు. గుజరాత్‌లో ఆ పేరుతో ఇంకా ఊళ్లున్నాయి. మ్యాప్‌లో పేరు టైపు చేస్తే వేరే నవాగామ్ చూపించవచ్చు. మ్యాప్ లింకు పంపేవారు దాన్ని తామే ఒకసారి తెరిచి, సూది సరైన గుమ్మం దగ్గరే గుచ్చుకుందో లేదో చూసుకోవాలి.

మన మెయిల్‌లో షట్టర్ సంగతి ఉంది. బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే, కానీ ఖాతాదారుకు తెలియదు. లావాదేవీల వేళ ముగిశాక వచ్చినవారు షట్టర్ చూసి బ్యాంకు మూసేశారనుకుని వెనక్కి వెళ్లిపోతారు. స్థలం గురించి రాసేటప్పుడు చిరునామాతో ఆగకుండా, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఏం కనిపిస్తుందో, ఎవరికి ఏం చెప్పాలో అది రాయాలి.

లింకు

లింకును విడిగా ఒక వరుసలో పెట్టడం అందం కోసం కాదు. తెలుగులో మనం విభక్తిని మాటకు అతికించి రాస్తాం. "ఈ లింకులో చేరండి" అన్నట్టే లింకు చివర కూడా "లో" అతికిస్తాం. కొన్ని యాప్‌లు ఆ "లో"ను కూడా లింకులో భాగంగా తీసుకుంటాయి. వాక్యం చివర పెట్టే చుక్కతోనూ ఒక్కోసారి ఇదే జరుగుతుంది. నొక్కినవారికి తప్పు పేజీ వస్తుంది, పంపినవారి కంటికి మాత్రం లింకు సరిగ్గానే కనిపిస్తుంది. లింకు ముందూ వెనకా ఏమీ లేకుండా ఒంటరిగా ఉంటే ఈ బాధ లేదు.

జూమ్ లింకులో ఇంకో సంగతి ఉంది. అందులో `?pwd=` అనే ముక్క తరువాత వచ్చే అక్షరాల్లో పాస్‌కోడ్ దాగి ఉంటుంది. పొడుగ్గా ఉందని ఎవరైనా ప్రశ్నార్థకం దగ్గర కత్తిరించి కాపీ చేస్తే, తెరిచినవారిని పాస్‌కోడ్ అడుగుతుంది. అందుకే జూమ్ అయితే లింకు పూర్తిగా ఇచ్చి, కింద మీటింగ్ నంబరు, పాస్‌కోడ్ విడిగా రాయడం మేలు.

పాత లింకు అన్నిటికంటే చిక్కు తెచ్చేది. అది పని చేయకపోతే మంచిదే, తప్పని తెలిసిపోతుంది. కానీ పాత మీట్ లింకు చాలాసార్లు మామూలుగానే తెరుచుకుంటుంది. లోపల ఎవరూ ఉండరు. వచ్చినవారు మిగతావాళ్లే ఆలస్యం చేస్తున్నారనుకుని ఓపిగ్గా కూర్చుంటారు. దీన్ని కనిపెట్టే పద్ధతి తేలిక. మీట్ లింకు చివర మూడు, నాలుగు, మూడు అక్షరాల కోడ్ ఉంటుంది. సమయం దాటి మూడు నిమిషాలైనా మీరు ఒంటరిగా ఉంటే, తెర మీద ఉన్న కోడ్‌ను మెయిల్‌లోని కోడ్‌తో పోల్చి చూడండి. ఈ సందర్భంలో బాబాయి ఫోన్‌లో ఆదివారం లింకే పైన ఉంది. "ఆదివారం వాడిన లింకు ఇది కాదు" అన్న ఒక్క వాక్యం ఆయన కోసమే.

పంపే ముందు లింకును సరిచూడాలి. దాన్ని తయారుచేసినవారి ఫోన్‌లో అది ఎప్పుడూ తెరుచుకుంటుంది, ఆ పరీక్షకు విలువ లేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో నొక్కి చూడాలి. అప్పుడు బయటివారికి కనిపించేదే మనకూ కనిపిస్తుంది. లోపలికి రానివ్వమని అడిగే తెర వస్తే, ఆ సమయానికి ఏర్పాటు చేసినవారు ముందుగా లోపల ఉండాలని అర్థం. అందుకే అమ్మాయి 4:50కే శాఖలో కూర్చుని మీట్ తెరిచి పెట్టుకుంది.

ఎప్పుడు పంపాలి, చేరిందని ఎలా తెలుస్తుంది

ఆ మెయిల్ బుధవారం సాయంత్రం నాలుగింటికి వెళ్లింది. అప్పటికి నాన్న నిద్ర లేచి ఉంటాడు, ఏడింటి షిఫ్టుకు ముందే చూస్తాడు. బాబాయికి ఇంకా సాయంత్రం మిగిలి ఉంటుంది. డల్లాస్‌లో తెల్లవారి అయిదున్నర, అన్నయ్య లేచి చూసేసరికి రోజంతా ముందుంటుంది. రాత్రి పదింటికి పంపితే చదవడానికే తప్ప సరిదిద్దుకోవడానికి సమయం ఉండదు. సోమవారం ఆఫీసు సమావేశమైతే ఆదివారం పంపి లాభం లేదు, శుక్రవారమే పంపాలి. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకు సెలవన్నది మరవకూడదు.

పంపడంతో పని అయిపోదు. "చూశాను" అన్న ఒక్క మాట అడగడం దీనికే. రాత్రి ఎనిమిదింటికి ఎవరి నుంచి ఆ మాట రాలేదో వాళ్లకు ఫోన్ చేయాలి. చిరునామాలో ఒక అక్షరం తప్పితే జీమెయిల్ `Address not found` అంటూ ఒక మెయిల్ వెనక్కి పంపుతుంది. హడావుడిలో దాన్ని చూడకుండా వదిలేస్తాం. మెయిల్ స్పామ్‌లో పడితే ఆ కబురు కూడా రాదు. అసలు మెయిల్ తెరవని వాళ్లూ ఉంటారు. అలాంటివారికి అదే మెయిల్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పంపాలి. మళ్లీ టైపు చేస్తే రెండు పాఠాలు తయారవుతాయి, వాటిలో ఒకటి తప్పవచ్చు. సమయమో స్థలమో మారితే, విషయం మొదట్లో "మార్పు" అని పెట్టి వివరాలన్నీ మళ్లీ రాయాలి. "మిగతావన్నీ అవే" అంటే చదివేవారు పాత మెయిల్ వెతుక్కోవాలి, అప్పుడు పాత సమయమే మళ్లీ కంటబడుతుంది.

అన్నయ్య నుంచి మొదటి జవాబు వచ్చింది. అయిదున్నర లెక్కన ఉదయం ఏడు అని రాసి పెట్టుకున్నానని, ఇప్పుడు 6:30గా మార్చుకున్నానని చెప్పాడు. బాబాయి రాత్రి ఏడున్నరకు ఫోన్ చేశాడు. పన్ను రసీదు తీసి చూస్తే అది ఇంకా తాతయ్య పేరుతోనే ఉందట, దస్తావేజు మాత్రం తన పేరున ఉంది. అమ్మాయి గురువారం పొద్దునే శాఖకు ఫోన్ చేసి ఈ మాట అధికారి చెవిన వేసింది. పేరు మార్పుకు మునిసిపాలిటీలో దరఖాస్తు పెట్టి, ఆ రసీదుతో పాటు పాత రికార్డులు తెమ్మని ఆయన అప్పుడే చెప్పారు. సాయంత్రం సమావేశంలో కొత్తగా తేలిన అడ్డంకి ఏదీ లేదు. నలభై నిమిషాల్లో జాబితా పూర్తయి, నాన్న షిఫ్టు వేళకు మగ్గం దగ్గర ఉన్నాడు.

రాయకూడనివి

ఇలాంటి మెయిల్ ఒకరి నుంచి ఒకరికి సులువుగా చేతులు మారుతుంది. అందుకే ఆధార్, పాన్, ఖాతా నంబర్లు అందులో ఉండకూడదు, పత్రాల ఫొటోలు జత చేయకూడదు. ఏ పత్రం దగ్గర ఉంచుకోవాలో పేరు చెబితే చాలు. లింకు ఉన్న సందేశాన్ని పెద్ద పెద్ద గ్రూపుల్లో వేయకూడదు. ఎవరు నొక్కినా గుమ్మం దాకా రాగలరు, పేరు తెలియని వారిని లోపలికి అనుమతించకూడదు.

ఇదే రూపంలో మోసగాళ్లూ మెయిల్ పంపుతారు. "రేపు మీ కేవైసీ సమావేశం, ఈ లింకులో చేరండి" అంటారు. మనం ఏర్పాటు చేసుకోని సమావేశానికి ఖాయం చేస్తూ మెయిల్ వస్తే, అందులోని లింకు గానీ నంబరు గానీ వాడకుండా మన దగ్గరున్న శాఖ నంబరుకు ఫోన్ చేసి అడగాలి. బ్యాంకుల వెబ్ చిరునామాలు `.bank.in`తో ముగిసేలా మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో ఆదేశించి, అక్టోబరు 31 గడువు పెట్టింది. చిరునామా చివర చూడడం అలవాటు చేసుకోవడానికి అదొక ఆధారం. నిజమైన సమావేశపు లింకు ఓటీపీ అడగదు, పిన్ అడగదు, మన ఫోన్ తెరను ఎదుటివారికి చూపే యాప్ వేసుకోమని చెప్పదు.

ఒకే ఆఫీసులో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరికి ఇదంతా అక్కరలేదు. చేరాల్సినవారు ముగ్గురు దాటినా, ఒకరైనా వేరే ఊళ్లో ఉన్నా, ఒకసారి కుదరకపోతే మళ్లీ కుదరడం కష్టమైనా, ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఈ మెయిల్ రాయండి. రాసి, పంపే ముందు అందులోని లింకును మీరే ఒకసారి నొక్కి చూడండి.